కాసు ఉంగరం, తులం ఫిర్యాదు

మా పిన్ని ఉంగరం పోయింది 2024 నవంబరులో. రాజమండ్రిలో ఉంటారు వాళ్లు. ఒక రాత్రి పెళ్లికి వెళ్లి తెల్లవారి తిరిగొచ్చేసరికి వీధి తలుపు గడియ వంచేసి ఉంది, పడకగదిలో బీరువా తాళం ఊడబెరికి ఉంది. నగలన్నీ పెళ్లికి పెట్టుకునే వెళ్లింది కాబట్టి అవి మిగిలాయి. ఏడాదిగా వేలు వాచి ఎక్కని కెంపురాయి ఉంగరం ఒక్కటే బీరువాలో ఉండిపోయింది. అదే పోయింది.

ఇంటి సామానుకీ నగలకీ కలిపి వాళ్లకి ఒక ఇన్సూరెన్స్ పాలసీ ఉంది. నేను చాలా ఏళ్లు క్లెయిమ్ కాగితాలు చూసే ఉద్యోగం చేశానని పిన్నికి తెలుసు. "కంపెనీకి ఉత్తరం రాశానురా, ఒకసారి చూసిపెట్టు" అని ఫోన్‌లో పంపింది. పేజీన్నర ఉంది. ఇరవయ్యో పెళ్లిరోజుకి బాబాయి కొనిచ్చిన ఉంగరమనీ, ఎన్నడూ ఎవరి సొమ్మూ ఆశించలేదనీ, న్యాయం చేయమనీ రాసింది. అందులో ప్రతి మాటా నిజమే. కానీ ఉంగరం బరువెంతో లేదు, ఎక్కడ కొన్నారో లేదు, బిల్లు ఉందో లేదో లేదు. ఆ ఉత్తరం చదివిన అధికారికి ఆవిడ మీద జాలి కలుగుతుంది. కానీ ఫైలులో "చెల్లించవచ్చు" అని రాయడానికి ఆధారం మాత్రం దొరకదు.

నగ పోయిందని ఉత్తరం వచ్చినప్పుడు కంపెనీలో కూర్చున్న మనిషి మూడు సంగతులు వెతుకుతాడు. చెబుతున్నలాంటి వస్తువు అసలు ఉందా? అది ఈవిడదేనా? దొంగ వచ్చిన రోజున అది ఇంకా ఈవిడ ఇంట్లోనే ఉందా? మొదటి రెండింటికీ జవాబు పంపాలని అందరికీ తోస్తుంది, బిల్లు జతచేస్తారు. మూడోది ఎవరికీ తట్టదు. మన ఇళ్లలో బంగారం ఒకచోట కుదురుగా ఉండదు. పాత గొలుసు ఇచ్చి కొత్త గాజులు తెచ్చుకుంటాం, అవసరానికి బ్యాంకులో పెడతాం, కూతురికి పెట్టేస్తాం. 2017 నాటి బిల్లు 2017లో ఆ ఉంగరం కొన్నారని చెబుతుందే కానీ, 2024లో బీరువాలో ఉందని చెప్పదు.

అందుకని పిన్నిని ముందు కాగితాలన్నీ ఒకచోట పొయ్యమన్నాను. ఇనప్పెట్టె అడుగున, దేవుడి గూటిలో, బాబాయి పాత డైరీల్లో వెతికితే అనుకున్నదానికంటే ఎక్కువే బయటపడ్డాయి.

మొదటిది దుకాణం బిల్లు, 2017 నవంబరుది. ఇది జీఎస్టీ నంబరున్న పక్కా బిల్లు. ధర మాట్లాడుకునేటప్పుడు తెల్లకాగితం మీద రాసిచ్చే ఎస్టిమేట్ చీటీ కాదు. ఆ చీటీ ఒక్కటే ఉన్నవాళ్లు దాన్నే బిల్లు అనుకుని పంపుతుంటారు. దాని మీద కొన్నవారి పేరుండదు, బిల్లు నంబరుండదు, అది కొనుగోలుకు రుజువు కాదు. పిన్ని బిల్లులో మొత్తం బరువు 8.240 గ్రాములు, రాయి 0.240, నికర బంగారం 8.000 గ్రాములు, 22 క్యారెట్లు అని ఉంది. గ్రాము 2,750 లెక్కన 22,000, తరుగు 2,200, రాయికి 800, వెరసి 25,000. మూడు శాతం జీఎస్టీ 750 కలిపితే 25,750 రూపాయలు.

ఇక్కడే ఒక చిక్కుంది. బాబాయి బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ రోజు దుకాణానికి వెళ్లింది 10,000 మాత్రమే. బిల్లు 25,750, చెల్లింపు 10,000. ఈ రెండూ పక్కపక్కన పెట్టి మాట్లాడకుండా పంపితే చూసేవాడికి బిల్లు మీదే అనుమానం వస్తుంది. అసలు సంగతి ఏమిటంటే, పిన్ని పాత గొలుసు ముక్క ఆరు గ్రాములు దుకాణంలో ఇచ్చింది. గ్రాముకి 2,625 కట్టి 15,750 తగ్గించారు. ఆ పాత బంగారం తీసుకున్నట్టు దుకాణంవాళ్లిచ్చిన రశీదు డైరీలో మడతపెట్టి ఉంది. అది దొరక్కపోతే ఉత్తరంలో ఆ మాట రాసి, దుకాణం ఖాతా పుస్తకాల్లోంచి నకలు ఇమ్మని అడగాల్సి వచ్చేది.

రెండోది బ్యాంకు కాగితాలు. 2021లో బాబాయి ఆసుపత్రి ఖర్చుకి ఆ ఉంగరం మరో రెండు నగలతో కలిపి బ్యాంకులో తాకట్టు పెట్టారు. ఆ సంగతి బయటికి చెప్పడానికి పిన్ని మొహమాటపడింది, "అదెందుకురా ఇప్పుడు?" అంది. కానీ నా దృష్టిలో ఆ ఫైలులో అన్నిటికంటే బలమైన కాగితం అదే. దుకాణం బిల్లు అమ్మేవాడు రాసింది. బ్యాంకు చీటీ, ఈ ఉంగరంతో ఏ సంబంధమూ లేని మదింపుదారు చేతిలోకి తీసుకుని, గీటురాయి మీద గీసి, కాటాలో తూచి, ఖాతాదారు పేరున రాసి ఇచ్చింది. "కెంపురాయి ఉంగరం ఒకటి, మొత్తం 8.200, రాయికి తగ్గింపు 0.400, నికరం 7.800" అని ఉంది అందులో.

అయితే ఆ కాగితం ఒక్కటే పంపితే తిరగబడుతుంది. తాకట్టు పెట్టారు సరే, విడిపించారా? వాయిదా దాటి వేలానికి పోయిందా? 2022లో అప్పు తీర్చి నగలు తిరిగి తీసుకున్నట్టు సంతకం చేసిన కాగితం కూడా పక్కన ఉండాలి. ఉంగరం మళ్లీ ఇంటికి చేరిందని రుజువు చేసేది అదే.

మూడోది ఫోటోలు. పెళ్లిరోజు నాటి ఫోటో అందంగా ఉంది కానీ పనికొచ్చింది వేరొకటి. 2024 ఆగస్టులో మా చెల్లెలి గృహప్రవేశంలో పిన్ని పాలు పొంగిస్తుంటే తీసిన ఫోటో. వేలికి ఎక్కక ఉంగరాన్ని దారంతో మెడలోని పసుపుతాడుకి కట్టుకుంది, కెంపు పక్కన ఒక కొక్కెం వంకర కూడా స్పష్టంగా కనబడుతోంది. దొంగతనానికి మూడు నెలల ముందు ఉంగరం పిన్ని దగ్గరుందని చెప్పేది అదొక్కటే. ఫోన్‌లోంచి వాట్సాప్‌లో పంపితే తీసిన తేదీ వివరం చెరిగిపోతుంది కాబట్టి అసలు ఫైలునే ఈమెయిల్‌కి జతచేశాం.

హాల్‌మార్క్ సంగతి కూడా చెప్పాలి. పిన్ని ఉంగరం 2017 నాటిది కాబట్టి దాని మీద బీఐఎస్ గుర్తు, 22K916 అన్న స్వచ్ఛత గుర్తు, పరీక్ష కేంద్రం గుర్తు, దుకాణం గుర్తు ఉండేవి. 2021 జులై నుంచి వచ్చిన నగల మీద ఆరు అక్షరాలూ అంకెల కోడ్ ఉంటుంది, హెచ్‌యూఐడీ అంటారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ కోడ్ లేకుండా హాల్‌మార్క్ నగలు అమ్మకూడదు. ఏ రెండు నగలకీ ఒకే కోడ్ ఉండదు. BIS Care యాప్‌లో Verify HUID దగ్గర ఆ కోడ్ కొడితే నగ రకం, స్వచ్ఛత, దుకాణం, పరీక్ష కేంద్రం వివరాలు వస్తాయి. కానీ కొన్నది ఎవరో అందులో రాదు. ఆ కోడ్‌ని మీ పేరుతో ముడివేసేది బిల్లు మాత్రమే. కనుక కోడ్ అంకె బిల్లు మీద ఉందో లేదో కొన్న రోజే చూసుకోవాలి, లేకపోతే రాయించుకోవాలి. వస్తువు పోయాక దాని మీద ఏం చెక్కి ఉందో చూడలేం.

ఇన్ని కాగితాలుండీ క్లెయిమ్ మొదట ఆగింది. ఆగిన చోటు మేం ఊహించని చోటు.

పొద్దున్నే పోలీసుస్టేషన్‌కి పరుగెత్తిన బాబాయి, కంగారులో "తులం దాకా ఉంటుంది సార్" అన్నారు. ఫిర్యాదులో "సుమారు తులం బరువుగల బంగారు ఉంగరం" అని రాశారు, ఎఫ్ఐఆర్‌లోకీ అదే ఎక్కింది. ఈ రోజుల్లో తులమంటే పది గ్రాములు. పిన్ని మాత్రం ఎప్పుడూ "నా కాసుంగరం" అనే అంటుంది. కోస్తాలో కాసంటే ఎనిమిది గ్రాములు. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ఈ తేడా ఎవరూ పట్టించుకోరు. ఫైలులో మాత్రం ఎఫ్ఐఆర్ పది గ్రాములంటోంది, బిల్లు ఎనిమిదంటోంది, బ్యాంకు చీటీ ఏడు చిల్లరంటోంది. రాయి ఊసు ఎఫ్ఐఆర్‌లో లేనేలేదు. పోయిన ఉంగరం, బిల్లులో ఉంగరం ఒకటేనా అని అడగడం కంపెనీవాళ్ల తప్పు కాదు.

నమోదైన ఎఫ్ఐఆర్‌ని దిద్దరు. కానీ దర్యాప్తు అధికారికి అదనపు వాంగ్మూలం ఇవ్వవచ్చు. పిన్ని బిల్లు నకలూ ఫోటో జతచేసి, బరువు సుమారుగా చెప్పామనీ, సరైన వివరాలివీ అనీ స్టేషన్‌కి ఒక అర్జీ రాసింది. దాని నకలు మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకుంది. ఆ ముద్ర ఉన్న నకలే కంపెనీకి పంపాం. ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకి ఉచితంగా ఇవ్వాలి, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ అదే చెబుతుంది. ఇచ్చినప్పుడు అక్కడే నిలబడి చదువుకుంటే ఇలాంటి తప్పు అప్పుడే కనబడుతుంది.

చివరికి వెళ్లిన ఉత్తరం, పేర్లూ నంబర్లూ తీసేస్తే, ఇలా ఉంది.

"విషయం: ఇంట్లో దొంగతనం, బంగారు ఉంగరం క్లెయిమ్. పాలసీ నంబరు, క్లెయిమ్ నంబరు, ఎఫ్ఐఆర్ నంబరు, తేదీ.

అయ్యా, ఫలానా రాత్రి ఏడు గంటలకు ఇల్లు తాళం వేసి వెళ్లాం. మర్నాడు ఉదయం ఆరింటికి తిరిగి వచ్చాం. వీధి తలుపు గడియ వంచి, బీరువా తాళం విరిచి ఉన్నాయి. ఫోటోలు జతచేస్తున్నాను. ఏడున్నరకి పోలీసులకు, పదింటికి మీ టోల్‌ఫ్రీ నంబరుకు తెలిపాం.

పోయిన వస్తువు: 22 క్యారెట్ల బంగారు ఉంగరం ఒకటి, పైన గుండ్రని కృత్రిమ కెంపు, ఒక కొక్కెం కాస్త వంగి ఉంది. పాలసీ షెడ్యూలులో నాలుగో వస్తువు.

నాది అనడానికి ఆధారాలు: మొదటిది, నా పేరున 2017 నవంబరు నాటి బిల్లు. బిల్లు మొత్తం 25,750. అందులో 15,750 పాత బంగారం మార్పిడి, దాని రశీదు రెండోది. మిగిలిన 10,000 నా భర్త ఖాతా నుంచి చెల్లింపు, స్టేట్‌మెంటులో ఆ పేజీ మూడోది. నాలుగోది, 2021లో బ్యాంకు మదింపు చీటీ. అయిదోది, 2022లో నగలు విడిపించుకున్న పత్రం. ఆరోది, 2024 ఆగస్టు నాటి ఫోటో.

బరువుల్లో తేడా గురించి: బిల్లులో మొత్తం బరువు 8.240, బ్యాంకులో 8.200 గ్రాములు. నాలుగేళ్లు రోజూ పెట్టుకున్నందువల్ల 0.040 గ్రాము అరిగింది. బ్యాంకువారు రాయిని విడదీయకుండా అంచనాతో 0.400 తగ్గించారు. రాయి అసలు బరువు బిల్లులో 0.240. కాబట్టి నికర బంగారం 7.960 గ్రాములుగా అడుగుతున్నాను. ఎఫ్ఐఆర్‌లో తులం అని పడింది సుమారు మాట. సవరణ అర్జీ ఏడోది.

దొంగతనం నాటి ధర గ్రాము 7,000 లెక్కన 55,720 రూపాయలు. తరుగు, రాయి ఖరీదు అడగడం లేదు. ఉంగరం ఎప్పుడు దొరికినా మీకు తెలియజేస్తాను."

ఇందులో నేను పిన్నితో గట్టిగా పట్టుబట్టి రాయించింది బరువుల పేరా. తేడాలను దాచిపెడితే అవతలివాడు కనిపెడతాడు, అప్పుడది అబద్ధంలా కనబడుతుంది. ముందే మనమే చెబితే అది లెక్క. ఎనిమిది గ్రాములు అడగవచ్చుగా, బిల్లులో ఉందిగా అని బాబాయి అన్నారు. నలభై మిల్లీగ్రాముల కోసం 280 రూపాయలు ఎక్కువడిగితే, బ్యాంకు చీటీ మనకే ఎదురుతిరుగుతుంది. ఉన్నదానికంటే ఎక్కువ చెప్పారని తేలితే మొత్తం క్లెయిమే పోగొట్టుకోవచ్చు, పాలసీల్లో ఆ షరతు ఉంటుంది.

మొదటి పేరాలో గడియ, తాళం గురించి అంత వివరంగా రాయడానికీ కారణముంది. బర్గ్లరీ కింద తీసుకున్న పాలసీల్లో బలప్రయోగంతో లోపలికి చొరబడితేనే డబ్బు వస్తుంది. తెరిచిన తలుపులోంచి వచ్చి బల్ల మీది ఉంగరం పట్టుకుపోతే చట్టం దృష్టిలో అదీ దొంగతనమే, కానీ ఆ పాలసీ దాన్ని భరించదు. యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్, హర్‌చంద్ రాయ్ చందన్ లాల్ కేసులో 2004లో సుప్రీంకోర్టు ఈ మాటే తేల్చింది. పాలసీలో ఉన్న నిర్వచనాన్నే చూడాలి, శిక్షాస్మృతిలోని అర్థాన్ని కాదు అంది. నగలకు విడిగా "ఆల్ రిస్క్స్" విభాగం తీసుకున్నవారికి ఈ ఇబ్బంది చాలావరకు ఉండదు. ఏ విభాగం కింద అడుగుతున్నామో చూసుకోకుండా ఉత్తరం రాయకూడదు. అలాగని లేని విరుపుని ఉన్నట్టు రాయనూ కూడదు. సర్వేయరు వచ్చి ఆ గడియనే చూస్తాడు. అందుకే ఆయన వచ్చేదాకా దాన్ని మార్పించవద్దని పిన్నికి చెప్పాను. రెండు రాత్రులు లోపలి నుంచి బల్ల అడ్డుపెట్టుకుని పడుకున్నారు.

ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, సర్వేయరు అవసరమైన క్లెయిముల్లో తెలిపిన 24 గంటల్లో నియమించాలి, ఆయన 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి, అది అందిన ఏడు రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. క్లెయిముకి నేరుగా సంబంధించిన కాగితాలే అడగాలని కూడా అందులో ఉంది. వాటిలో ఎఫ్ఐఆర్, ఆచూకీ దొరకలేదన్న పోలీసు నివేదిక వస్తాయి. ఈ రెండో కాగితం దగ్గరే కాలమంతా గడుస్తుంది. ఉంగరం దొరకలేదని పోలీసులు తుది నివేదిక వేసేదాకా ఆగాలి. పిన్ని విషయంలో నాలుగు నెలలు పట్టింది. నెలకోసారి స్టేషన్‌కి వెళ్లి అడుగుతూ, వెళ్లిన ప్రతిసారీ కంపెనీకి ఒక ఈమెయిల్ పెట్టింది.

కంపెనీ తిరస్కరిస్తే, లేదా రాసిన నెలలోగా జవాబివ్వకపోతే, ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకీ ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది, రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. అక్కడ కూడా మొదట అడిగేది కంపెనీకి రాసిన ఉత్తరం నకలే.

పిన్నికి అక్కడిదాకా వెళ్లే పని పడలేదు. కానీ అడిగిన 55,720 రాలేదు. నగలన్నిటికీ కలిపి పాలసీ మూడు లక్షలకి తీసుకున్నారు. బంగారం ధర పెరిగి, దొంగతనం నాటికి ఆ నగల విలువ నాలుగు లక్షలైంది. ఉన్న విలువలో మూడొంతులకే బీమా కట్టారు కాబట్టి నష్టంలోనూ మూడొంతులే ఇస్తామంటుంది పాలసీలోని సగటు నిబంధన, అంటే నాలుగింట మూడు భాగాలు. లెక్కకి 41,790 వచ్చింది. పాలసీ రెన్యువల్ చేసిన ప్రతిసారీ పాత మొత్తాన్నే అలా ఉంచేయడం వల్ల పోయిన పద్నాలుగు వేలవి. ఇందులో ఉత్తరం తప్పేమీ లేదు, ఏ ఉత్తరమూ దీన్ని మార్చలేదు.

డబ్బు ఇచ్చేముందు కంపెనీ ఒక హామీపత్రం మీద సంతకం పెట్టించుకుంది. ఉంగరం ఎప్పుడైనా దొరికితే హక్కు కంపెనీదే. అప్పుడు పిన్ని దాన్ని కోర్టులో తనదని గుర్తుపట్టి, విడిపించి కంపెనీకి అప్పగించాలి, లేదా తీసుకున్న డబ్బు వాపసు ఇవ్వాలి. "దొరికితే డబ్బు తిరిగిచ్చేస్తానురా, ఉంగరమే ఉంచుకుంటా" అంది పిన్ని. ఫైలులోని ఆ ఆరు కాగితాల అసలు ప్రతులూ, వంగిన కొక్కెం కనబడే ఫోటో పెద్దది చేయించి ఒకటీ, కవరులో పెట్టి బ్యాంకు లాకరులో దాచింది. చెక్కు వచ్చిన 2025 మార్చిలో దుకాణంలో అడిగితే ఆ డబ్బుకి ఐదు గ్రాములకి కాస్త పైన వస్తుందన్నారు. కొనలేదు.